కాలమ్ ఎంత పొట్టిదవుతుందో డ్రాయింగ్‌లో రాయండి

హైదరాబాద్ పడమటి వైపు నలభై, యాభై అంతస్తుల ఆఫీసు టవర్లు కడుతున్న డెవలపర్లకు, వాటిని డిజైన్ చేస్తున్న స్ట్రక్చరల్ కన్సల్టెంట్లకు,

నమస్కారం. ఈ ఉత్తరం ఒకే ఒక్క విషయం గురించి. మీరు సైట్‌కి పంపే డ్రాయింగుల్లో ప్రతి అంతస్తుకీ ఒక స్లాబ్ లెవెల్ ఉంటుంది. ఒకటే. మధ్యలో లిఫ్టులు, మెట్లు ఉండే కోర్ గోడ దగ్గరా అదే అంకె, బయటి అంచున ఉన్న కాలమ్ దగ్గరా అదే అంకె. అక్కడ రెండు అంకెలు ఉండాలని అడుగుతున్నాను. ఎందుకో చెప్పడానికి కొంచెం పొడుగ్గా రాయాల్సి వస్తోంది, ఓపిగ్గా చదవండి.

కొన్నేళ్ల కిందట నేను సైట్ ఇంజినీరుగా పనిచేసిన ఒక టవర్లో ఫినిషింగ్ నడుస్తుండగా కోర్‌కీ బయటి కాలమ్‌లకీ మధ్య ఉన్న బ్లాక్ గోడల్లో ఏటవాలుగా పగుళ్లు కనిపించడం మొదలైంది. తలుపు ఫ్రేముల మూలల నుంచి పైకి పాకుతూ, ఒకే దిక్కుకి వాలి ఉండేవి. అందరి నోటా మొదట వచ్చిన మాట పునాది కుంగిందని. మట్టి రిపోర్టులు మళ్లీ బయటికి తీశారు, బ్లాక్ వర్క్ చేసిన మేస్త్రీని తిట్టారు, ప్లాస్టరింగ్ వాళ్లు క్యూరింగ్ సరిగ్గా చేయలేదన్నారు. తిలా పాపం తలా పిడికెడు. మూడు వారాలు అలా గడిచాక, మా సర్వేయరు, నేను కలిసి ఒక పని చేశాం. ప్రతి ఐదో అంతస్తులో కోర్ దగ్గర, దానికి ఎదురుగా ఉన్న కాలమ్ దగ్గర స్లాబ్ లెవెల్ తీసి, తేడాని అంతస్తుల వారీగా ఒక కాగితం మీద గీశాం.

పునాది ఒక పక్క కుంగితే దాని మీదున్న బిల్డింగ్ అంతా కలిసి దిగుతుంది. 5వ అంతస్తులో కోర్‌కీ కాలమ్‌కీ ఎంత తేడా వస్తుందో 25లోనూ, 45లోనూ దాదాపు అంతే రావాలి. మా కాగితం మీద గీత అలా లేదు. కింద దాదాపు ఏమీ లేదు, పైకి వెళ్లేకొద్దీ పెరిగింది, సగం ఎత్తు దాటిన చోట అన్నిటికంటే ఎక్కువైంది, అక్కడి నుంచి మళ్లీ తగ్గింది. పగుళ్లు ఎక్కువగా ఉన్నవీ ఆ మధ్య అంతస్తులే. పొట్ట ముందుకొచ్చిన ఆ గీతని చూసి చెప్పొచ్చు, దిగింది పునాది కాదు, కాలమ్‌లే కోర్ కంటే ఎక్కువ పొట్టివయ్యాయని. మీ బిల్డింగ్‌లో ఇలాంటి పగుళ్లు వస్తే దయచేసి మట్టిని తవ్వే ముందు ఈ గీత గీయండి. ఒక ఆటో లెవెల్, ఇద్దరు మనుషులు, రెండు రోజుల పని.

మధ్యలోనే పొట్ట ఎందుకొస్తుంది? 25వ అంతస్తు స్లాబ్ పోసే రోజున షట్టరింగ్‌ని మనం కావలసిన లెవెల్‌కి పెట్టుకుంటాం, కాబట్టి అప్పటిదాకా కింది కాలమ్‌లు ఎంత తగ్గినా ఆ స్లాబ్‌కి సంబంధం లేదు. ఆ రోజు తర్వాత జరిగేదే దానికి లెక్క. 3వ అంతస్తు స్లాబ్ పోశాక పైన ఇంకా బోలెడు బరువు వస్తుంది గానీ, దాని కింద తగ్గడానికి ఉన్న కాలమ్ పొడవు మూడంతస్తులే. 48వ అంతస్తుకి కింద కావలసినంత పొడవుంది, తర్వాత రాబోయే బరువే తక్కువ. మధ్యలో రెండూ ఉంటాయి. పై అంతస్తుల్లోనూ తేడా సున్నాకి రాదు, ఎందుకంటే స్లాబులన్నీ అయిపోయాక కూడా కింది కాంక్రీటు మెల్లగా తగ్గుతూనే ఉంటుంది.

ఆ మెల్లగా తగ్గడంలోనే అసలు విషయం ఉంది. కాంక్రీటు మీద బరువు పెట్టగానే కొంత నొక్కుకుంటుంది, అది ఎలాస్టిక్. అదే బరువు అలాగే ఉంటే నెలలు, ఏళ్ల తరబడి ఇంకా నొక్కుకుంటూ పోతుంది, అది క్రీప్. బరువుతో పనిలేకుండా లోపలి తేమ ఆరిపోతూ కుదించుకుపోవడం ష్రింకేజ్. ఇది మీకు తెలియదని కాదు. మీ డిజైన్ ఫైలులో క్రీప్ కోఎఫిషియంట్ ఏదో ఒకచోట ఉంటుంది కూడా. అది సైట్‌లో లెవెల్ పట్టుకునే మనిషి దాకా రావడం లేదు, నా బాధ అదీ.

ఒక ఉదాహరణ చేతి లెక్కగా వేసి చూపిస్తాను. యాభై అంతస్తులు, ఒక్కో అంతస్తు 3.2 మీటర్లు, మొత్తం 160 మీటర్లు. కోర్, కాలమ్‌లు రెండూ ఎం60 కాంక్రీటు. కోర్ అంచు నుంచి కాలమ్ దాకా 8 మీటర్ల స్పాన్. పని పూర్తయ్యాక శాశ్వతంగా ఉండే బరువుకి కాలమ్‌లో ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకి 14 న్యూటన్లు, కోర్ గోడలో 6 అనుకుందాం. పైకి వెళ్లేకొద్దీ సైజులు తగ్గించుకుంటూ పోతాం కాబట్టి ఎత్తు పొడవునా దాదాపు అదే ఒత్తిడి అనుకోవచ్చు. కోర్‌లో ఎందుకు తక్కువంటే, గోడల మందం గాలికీ భూకంపానికీ సరిపోయేలా పెడతాం, కాలమ్‌నేమో కార్పెట్ ఏరియా తగ్గకూడదని ఎంత సన్నగా వీలైతే అంత సన్నగా చేస్తాం. ఈ తేడా మనం తెచ్చిపెట్టుకున్నదే.

ఇప్పుడు 25వ స్లాబ్ సంగతి చూడండి. దాని కింద 80 మీటర్ల కాలమ్ ఉంది. ఆ 25 అంతస్తుల సగటు తీస్తే, చివరికి వచ్చే బరువులో దాదాపు 70 శాతం ఈ స్లాబ్ పోశాకే వస్తుంది. అంటే కాలమ్‌లో 9.8, కోర్‌లో 4.2. ఐఎస్ 456 ప్రకారం ఎం60 కాంక్రీటు ఎలాస్టిక్ మాడ్యులస్ దాదాపు 38,700. భాగించి 80 మీటర్లతో గుణిస్తే కాలమ్ 20 మి.మీ., కోర్ 9 మి.మీ. తగ్గుతాయి.

క్రీప్‌కి అదే కోడ్ 28 రోజుల వయసులో బరువు పెడితే 1.6, ఏడాది వయసులో పెడితే 1.1 తీసుకోమంటుంది. మన బరువు వారానికో అంతస్తు చొప్పున, ఏడాది పొడవునా వస్తూ ఉంటుంది, మధ్యలో 1.3 అనుకుందాం. కాలమ్‌కి ఇంకో 26 మి.మీ., కోర్‌కి 11. ఇక ష్రింకేజ్ దగ్గర కథ అటుదిటు అవుతుంది. 25వ స్లాబ్ పోసేసరికి కింద కొంత ఆరిపోయి ఉంటుంది కాబట్టి, మిగిలింది మందంగా, స్టీల్ ఎక్కువగా ఉన్న కాలమ్‌కి 0.00015, పల్చటి కోర్ గోడకి 0.0002 అనుకుంటే వరసగా 12, 16 మి.మీ. ఇక్కడ మాత్రం కోరే ఎక్కువ తగ్గి, కాలమ్‌తో వచ్చిన తేడాలో 4 మి.మీ. వెనక్కిస్తుంది.

కూడితే కాలమ్ 58, కోర్ 36. తేడా 22 మి.మీ. ఎనిమిది మీటర్ల స్పాన్ మీద ఇది స్పాన్‌లో 364వ వంతు. ఇందులో సరిగ్గా సగం, 11 మి.మీ., ఎలాస్టిక్. మిగతా సగం క్రీప్, ష్రింకేజ్ కలిసి తెచ్చింది.

ఇది చేతి లెక్కే, రెండు విషయాలు పక్కన పెట్టాను. కాలమ్‌లో స్టీల్ కొంత బరువు మోసి తగ్గుదలని ఆపుతుంది, ముఖ్యంగా కాంక్రీటు క్రీప్ అవుతూ తన బరువుని మెల్లగా స్టీల్ మీదకి నెడుతుంది. కాలమ్ 80 మీటర్లలో 58 మి.మీ. తగ్గిందంటే ఆ తగ్గుదల ఒక్కదానికే స్టీల్‌లో చదరపు మిల్లీమీటరుకి దాదాపు 145 న్యూటన్ల ఒత్తిడి అదనంగా చేరుతుంది. అందుకే అసలు అంకె 22 కంటే కాస్త తగ్గొచ్చు. రెండోది దీనికి ఎదురు. జంప్ ఫామ్‌తో కట్టే చోట కోర్ స్లాబుల కంటే నాలుగైదు అంతస్తులు ముందు నడుస్తుంది. స్లాబ్ వచ్చి అతుక్కునేసరికి కోర్ కాంక్రీటు వయసు నెల దాటి ఉంటుంది, తొందరగా జరిగే ష్రింకేజ్ కొంత అప్పటికే అయిపోతుంది. అంటే కోర్ వెనక్కిస్తుందనుకున్న ఆ 4 మి.మీ. కూడా తగ్గిపోతుంది. ఇవన్నీ చేత్తో కుదరవు, సాఫ్ట్‌వేర్‌లో స్టేజ్ వారీగా చేయాలి.

అక్కడా నేను చూసిన పొరపాట్లు రెండు. మొదటిది, మోడల్ మొత్తం కట్టేసి బరువంతా ఒకేసారి వేయడం. అలా చేస్తే తేడా అన్నిటికంటే ఎక్కువగా చివరి అంతస్తులో కనిపిస్తుంది, అది చూసి పై అంతస్తుల బీమ్‌లలో అనవసరంగా స్టీల్ పెంచుతారు, అసలు ఇబ్బంది ఉన్న మధ్య అంతస్తుల్ని వదిలేస్తారు. రెండోది ఇంకా మోసకారి. కన్‌స్ట్రక్షన్ స్టేజ్ కేసు పెడతారు గానీ, మెటీరియల్‌లో కాలంతో మారే గుణాలు ఆన్ చేయరు. గ్రాఫ్ పొట్ట ఆకారంలోనే వస్తుంది, చూసినవాళ్లకి అంతా సరిగ్గానే ఉందనిపిస్తుంది. కానీ పైన లెక్కలో చూశారు కదా, అందులో ఉండేది సగమే.

ఇప్పుడు అసలు అడగదలుచుకున్న దానికి వస్తాను. 25వ అంతస్తులో తేడా 22 వస్తుందని తెలిస్తే కాలమ్ వైపు షట్టరింగ్‌ని ముందుగానే కొంచెం ఎత్తులో పెట్టాలి. ఎంత? మొత్తం 22 పెట్టమని నేను అనను. టైల్స్ వేసే నాటికి పైన స్లాబులన్నీ పడి ఎలాస్టిక్ భాగం దాదాపు అయిపోతుంది, క్రీప్ కొంత నడుస్తుంది, అప్పటికి 15 మి.మీ. దాకా దిగి ఉంటుందనుకుంటే 15 పెడితే చాలు. ఫ్లోర్ వేసే రోజుకి స్లాబ్ దాదాపు సమంగా ఉంటుంది, మిగతా 7 మి.మీ. ఏళ్ల మీద దిగినా ఎనిమిది మీటర్లలో నడిచేవాళ్లకి తెలియదు. ఏ రోజుకి సమంగా ఉండాలో మీరే నిర్ణయించండి, కానీ నిర్ణయించి రాయండి. 5వ అంతస్తుకి 3 కావచ్చు, 25కి 15, 45కి 6 కావచ్చు. అంతస్తుకో అంకె మార్చడం సైట్‌లో గందరగోళమైతే ఐదేసి అంతస్తులకి ఒకటి ఇవ్వండి.

ఇది డ్రాయింగ్ మీద ఎందుకుండాలో కూడా చెప్తాను. నేను పైన చెప్పిన ఆ టవర్లో కన్సల్టెంట్ రిపోర్టులో ఒక పేరా ఉంది, బయటి కాలమ్‌ల వైపు సరిదిద్దుకోవాలని. అంకెలు అనుబంధంలో ఉన్నాయి. డ్రాయింగ్‌లో లేవు. కొన్ని అంతస్తుల్లో మా ఫోర్‌మన్ ఒకతను ఆ మాట విని 10 మి.మీ. ఎత్తు పెట్టాడు. స్లాబ్ పోసే ముందురోజు సాయంత్రం క్వాలిటీ మనిషి లేజర్ తెచ్చి, డ్రాయింగ్‌లో ఒకటే లెవెల్ ఉందని చూసి, జాకీలు దించి సమం చేయించాడు. అతని తప్పేమీ లేదు, అతని చేతిలో ఉన్న కాగితం అదే చెప్పింది. కొంతమంది 10 మి.మీ. టాలరెన్సులోనే కదా అంటారు. టాలరెన్స్ అనేది ఒకచోట ఎక్కువ, ఇంకోచోట తక్కువ వస్తే సర్దుకునేది. ఇది ప్రతి అంతస్తులో ఒకే వైపుకి వస్తుంది, ఇలాంటిదాన్ని టాలరెన్సులో కలిపేస్తే అసలు టాలరెన్సుకి చోటు మిగలదు.

లెవెల్ ఎక్కడి నుంచి తెస్తున్నారన్నదీ ఇంతే ముఖ్యం. కింది స్లాబ్ నుంచి 3.2 మీటర్లు కొలిచి పై స్లాబ్ పెడుతూ పోతే, అప్పటిదాకా జరిగిన తగ్గుదల అంతా బిల్డింగ్ ఎత్తులో కరిగిపోతుంది. గ్రౌండ్‌లోని బెంచ్‌మార్క్ నుంచి కొలిస్తే అది దానంతటదే సర్దుకుంటుంది. చాలా సైట్లలో ఈ రెండూ కలిపి చేస్తారు. కోర్ గోడ మీద 10వ అంతస్తులో ఒక గుర్తు పెట్టుకుని, ఏడాది తర్వాత కూడా దాన్నే నమ్ముతారు. ఆ గుర్తు ఉన్న గోడ కూడా ఈలోపు కొన్ని మిల్లీమీటర్లు కిందకి వచ్చిందని ఎవరికీ గుర్తుండదు. కనీసం పది అంతస్తులకోసారి కింద నుంచి కొత్తగా లెవెల్ ఎక్కించమని డ్రాయింగ్‌లో నోట్ రాయండి.

బీమ్‌ల సంగతి ఒక్కమాట. ఒక చివర ఇంకో చివర కంటే 22 మి.మీ. దిగితే బీమ్‌లో వచ్చే మొమెంట్ స్పాన్ వర్గానికి విలోమంగా ఉంటుంది. అదే తేడా 8 మీటర్లకి బదులు 4 మీటర్ల బీమ్ మీద పడితే నాలుగింతలు. కోర్‌కి దగ్గరగా ఒక కాలమ్ పెట్టి, మధ్యలో పొట్టి, లోతైన బీమ్ వేసే లేఅవుట్లు చూసినప్పుడల్లా నాకు టెన్షన్. క్రీప్ ఆ మొమెంట్‌ని కూడా కొంత సడలిస్తుంది, నిజమే, కానీ దాని మీద ఆధారపడే ముందు లెక్క వేయాలి. అవుట్‌రిగ్గర్లు ఉంటే మరీను. కోర్‌ని బయటి కాలమ్‌లతో గట్టిగా కట్టేసేవి అవే కాబట్టి ఈ తేడా అంతా బలంగా మారి వాటిలోకి ఎక్కుతుంది. షాంఘైలో 1999లో పూర్తయిన జిన్ మావో టవర్లో స్టీల్ అవుట్‌రిగ్గర్ల బోల్టులు వెంటనే బిగించలేదు, కోర్, కాలమ్‌ల మధ్య తగ్గుదల చాలావరకు అయ్యేదాకా పిన్నుల మీద తిరగనిచ్చి తర్వాత బిగించారు.

ఇది కొత్తగా కనిపెట్టిన సమస్యేమీ కాదు. ఢాకా ప్రాంతంలో పుట్టి చికాగోలో పనిచేసిన ఫజ్లూర్ ఖాన్, మార్క్ ఫింటెల్ కలిసి 1969లోనే ఎత్తైన కట్టడాల్లో కాలమ్ క్రీప్, ష్రింకేజ్ గురించి పేపరు రాశారు. చికాగోలోనే లేక్ పాయింట్ టవర్, వాటర్ టవర్ ప్లేస్ కాలమ్‌లలో గేజీలు పెట్టి ఏళ్ల తరబడి కొలిచారు. బుర్జ్ ఖలీఫా వాళ్లు ఇంకో అడుగు ముందుకేసి సమస్యని డిజైన్‌లోనే తగ్గించారు. బయటి కాలమ్‌లలో బరువు వల్ల వచ్చే ఒత్తిడి లోపలి గోడల ఒత్తిడికి సమంగా ఉండేలా సైజులు పెట్టారు. ఆరిపోయే వేగం కూడా కలవాలని కాలమ్ మందాన్ని 600 మి.మీ. చేసి కారిడార్ గోడల మందంతో కలిపారు. ఆపైన ప్రతి అంతస్తు ఎత్తునీ కొద్దిగా పెంచి కట్టారు. మన అపార్ట్‌మెంట్ టవర్లలో అల్యూమినియం షట్టరింగ్‌తో గోడలన్నీ కాంక్రీటువే పోసే పద్ధతిలో ఈ తేడా తక్కువగా కనిపించడానికి కారణం కూడా ఇదే, అక్కడ గోడల ఒత్తిళ్లు, మందాలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. అందుకే ఈ ఉత్తరం ఆఫీసు టవర్ల వాళ్లకి రాస్తున్నాను. కోర్, దూరంగా సన్నటి కాలమ్‌లు, మధ్యలో పెద్ద స్పాన్, ఇదంతా మీ దగ్గరే ఉంది. స్కీమ్ దశలోనే కాలమ్ ఒత్తిడి 14 నుంచి 11కి తెస్తే నా లెక్కలో 22 కాస్తా దాదాపు 13 అవుతుంది. అందుకోసం పోయే కార్పెట్ ఏరియా ఎంతో ఒకసారి లెక్క వేసి చూడండి, తర్వాత పగుళ్లకి పెట్టే ఖర్చు పక్కన.

తేడాని ఎంత తగ్గించినా మొత్తం తగ్గుదల ఉండనే ఉంటుంది, అది మిగతా పనులవాళ్లకి చెప్పాలి. బ్లాక్ గోడ చివరి వరసని పై స్లాబ్‌కి మోర్టార్‌తో బిగించి కొట్టకుండా, నొక్కుకునే ఫిల్లర్‌తో ఖాళీ వదలాలి. లిఫ్ట్ గైడ్ రైలు స్టీల్, అది కోర్‌తో పాటు పొట్టిదవదు, క్లిప్పులు జారనివ్వకపోతే రైలు వంగుతుంది. ఫైర్ లైన్ రైజరు కూడా అంతే. వాళ్లకి కావలసింది మొత్తం తగ్గుదల ఎంత అన్న ఒక్క అంకె, ఆ అంకె మీ దగ్గరే ఉంది.

చివరగా కొలతల గురించి. ప్రతి ఐదో అంతస్తులో కోర్ గోడకీ ఎదురుగా ఉన్న కాలమ్‌కీ ఒక్కో పిన్ను పెట్టించి, పెట్టిన రోజు, ఆ తర్వాత నెలకోసారి, హ్యాండోవర్ రోజు, ఇంకో ఏడాదికి రీడింగ్ తీయించండి. మీ అంచనా 15 అని ఉండి పదో అంతస్తు దగ్గరే రీడింగులు వేరే దారిలో పోతుంటే పై అంతస్తుల అంకెలు మార్చుకోవచ్చు, అప్పటికి ఇంకా నలభై స్లాబులు మిగిలి ఉంటాయి. మేము ఆ టవర్లో పాయింట్లు స్లాబ్ మీద గుర్తు పెట్టుకున్నాం. ఏడాది తర్వాత మళ్లీ కొలుద్దామని వెళ్తే అవన్నీ స్క్రీడ్ కింద, టైల్స్ కింద పోయాయి. అందుకని పిన్ను నేల మీద వద్దు, గోడకీ కాలమ్‌కీ మీటరు ఎత్తులో పెట్టించండి, దాని మీద ప్లాస్టర్ రాకుండా ఒక చిన్న మూత బిగించమనండి.

ఇట్లు,
మీ టవర్ల మీద పనిచేసిన ఒక స్ట్రక్చరల్ ఇంజినీరు